730 మంది ఒకవైపు, మీరొక్కరే ఒకవైపు

పొద్దున్నే లింక్డ్ఇన్ ఫీడ్ తెరిస్తే ఒక ప్రమోషన్ పోస్టు. మూడేళ్లలో మూడో మెట్టు ఎక్కానని. ఎక్కినాయన సంతోషం ఆయనది, దాంతో నాకు పేచీ లేదు. కింద కామెంట్లలో ఒక కుర్రాడు రాశాడు: "కంగ్రాట్స్ అన్నా. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం, నేనింకా అక్కడే ఉన్నా." దానికి ఒక పెద్దమనిషి జవాబు: "ఎవరితోనూ పోల్చుకోకు తమ్ముడూ, నీ దారి నీది." ఆ జవాబుకి బోలెడు లైకులు. అది చూసినప్పటినుంచీ ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

పోల్చుకోకు అని చెప్పడం, దాహం వేయనివ్వకు అని చెప్పడం ఒకటే. లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త 1954లోనే ఈ సంగతి విప్పి చెప్పాడు. తన సత్తా ఎంతో తేల్చుకోవడానికి మనిషి దగ్గర సరైన కొలబద్ద ఉంటే దానితో కొలుచుకుంటాడు. లేకపోతే పక్కవాణ్ని చూసి కొలుచుకుంటాడు. అదీ తనలాంటి పక్కవాణ్నే. ప్రపంచ కుబేరుడి వార్త చదివితే మనకేమీ అనిపించదు, మనతోపాటు అదే ఏడాది చేరినవాడి కొత్త హోదా మాత్రం గుచ్చుకుంటుంది, కారణం ఇదే. పరుగు పందేనికి గడియారం ఉంది. "నా ఉద్యోగజీవితం సరైన దిక్కులో పోతోందా" అన్న ప్రశ్నకి అలాంటి గడియారం ఎవరూ ఇవ్వరు. కొలబద్ద లేనిచోట ఫీడ్ వచ్చి కూర్చుంటుంది. ఆ కుర్రాడికి కావాల్సింది ఇంకో కొలబద్ద. ఉపదేశం ఇచ్చి ఏం లాభం?

ముందు ఆ ఫీడ్ లెక్క ఎలా తప్పుతుందో చూడండి. మీ పరిచయాల్లో 730 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికీ రెండేళ్లకి ఒక్కసారే చెప్పుకోదగ్గ మంచివార్త వస్తుందనుకోండి, అంటే చాలా మామూలు వేగం. రెండేళ్లంటే 730 రోజులు. సగటున రోజుకొక శుభవార్త మీ కళ్ల ముందుకి వస్తుంది. అదే రెండేళ్లలో మీకూ ఒకటి వచ్చే ఉంటుంది. అందరూ సరిగ్గా ఒకే వేగంతో నడుస్తున్నా, మీకు కనిపించేది మాత్రం రోజూ ఎవరో ఒకరు మిమ్మల్ని దాటిపోతున్నట్టు. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ గొప్పలు పోలేదు. కేవలం కూడిక. ఆ కూడిక చేసిన మనసు భాగహారం చేయడం మర్చిపోతుంది. పోస్టు చూసి గుండె కలుక్కుమన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "ఈ మనిషి నుంచి ఇంతకుముందు ఇలాంటి వార్త ఎప్పుడొచ్చింది?" ప్రొఫైల్ తెరిచి తేదీలు చూడండి. చాలాసార్లు మధ్యలో మూడేళ్లో నాలుగేళ్లో కనిపిస్తాయి.

దీనికి తోడు ఆ కూడిక కూడా ఒకవైపే జరుగుతుంది. లింక్డ్ఇన్‌లో కొత్త ఉద్యోగం చేర్చగానే పరిచయస్తులందరికీ తెలియజేసే మీట సిద్ధంగా ఉంటుంది, సంతోషం ప్రకటించే వాక్యం కూడా అదే రాసిపెడుతుంది. ఉద్యోగం పోయినప్పుడు ఎవరూ దండోరా వేయరు. చివరి తేదీ వేయకుండా నెలల తరబడి వదిలేస్తారు, చూసేవాళ్లకి ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు ఉంటుంది. అడిగి రానిది, ఇంటర్వ్యూలో పోయింది, ప్రొబేషన్‌లో ఆగింది, పిల్లల కోసమో ఆరోగ్యం కోసమో తగ్గించుకున్నది, ఇవేవీ కనబడవు. చేరికలు మాత్రమే రాసి నిష్క్రమణలు రాయని హాజరుపట్టీ అది. దాన్ని చూసి నేను వెనకబడ్డాను అని తేల్చుకుంటే ఎలా?

వచ్చిన ఆ ఒక్క వార్తలోనైనా సగం సంగతే ఉంటుంది. హోదా పేరు ఒక సంస్థకీ ఇంకో సంస్థకీ కలవదు. పెద్ద బ్యాంకుల్లో వైస్ ప్రెసిడెంట్ అనేది మధ్యస్థాయి మెట్టు, ఆ పేరున్నవాళ్లు వేలల్లో ఉంటారు. పదిమంది ఉన్న సంస్థలో అదే పేరుకి అర్థం పూర్తిగా వేరు. జీతం సంగతికొస్తే, చెప్పే మొత్తంలో షేర్లు కలిసి ఉంటే అవి సాధారణంగా నాలుగేళ్లపాటు కొంచెం కొంచెంగా చేతికొస్తాయి, చాలాచోట్ల మొదటి ఏడాది నిండకుండా వదిలేస్తే ఒక్కటీ రాదు. నాలుగేళ్ల మొత్తాన్ని మీ ఒక్క ఏడాది జీతం పక్కన పెట్టి చూసుకుని కుంగిపోయేవాళ్లు ఎంతోమంది.

ఇక అసలు కోపం ఇక్కడుంది, ఎన్నాళ్లనుంచో దాచుకున్నది. గెలుపు పోస్టుల కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేవి ఓటమి పోస్టులు. "87 చోట్ల నన్ను వద్దన్నారు, ఈరోజు నేను ఇక్కడున్నాను" అనే రకం. నిజాయితీ అని అందరూ మెచ్చుకుంటారు. తేదీ చూడండి. ఆ 87 సార్లలో ఏ ఒక్క రోజూ ఆ పోస్టు రాలేదు. 88వది అందిన రోజున వచ్చింది. 87 దగ్గరే ఆగిపోయినవాళ్లు రాయరు, రాసినా ముందుకి రాదు. దాంతో ఓర్చుకుంటే చివరికి ఖచ్చితంగా వస్తుంది అన్న తప్పుడు నమ్మకం నాటుకుంటుంది, రానివాళ్లు లోపం తమలోనే ఉందనుకుంటారు. మెలనీ స్టెఫాన్ అనే శాస్త్రవేత్త 2010లో నేచర్ పత్రికలో ఒక మంచి సూచన చేశారు: మన వైఫల్యాలకి కూడా ఒక సీవీ రాసుకుందాం, తోటివాళ్లు తాము ఒంటరి కాదని తెలుసుకుంటారు అని. 2016లో యోహానెస్ హౌస్‌హోఫర్ అనే ఆచార్యుడు తన వైఫల్యాల సీవీని బయటపెట్టాడు. అది ఎంతగా పాకిందంటే, తన పరిశోధనంతటికీ రాని గుర్తింపు ఈ కాగితానికి వచ్చిందని ఆయనే అందులో ఇంకో వైఫల్యంగా చేర్చుకున్నాడు. ఆయన మంచిపనే చేశాడు. కానీ అప్పటికి ఆయన ప్రిన్స్‌టన్‌లో ఉన్నాడు. ఉద్యోగం లేని పరిశోధకుడు అదే కాగితం పెడితే ఏమయ్యేదో ఆలోచించండి. వైఫల్యం చెప్పుకోవడానికి కూడా ముందు గెలవాల్సి వస్తోంది, ఆ సంగతి ఆ పోస్టులు మెచ్చుకునేవాళ్లెవరూ ఒప్పుకోరు.

సరే, కొలబద్ద మాటకొస్తాను. ఒకావిడ ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారనుకోండి. ఆటోమేషన్ బాగా వచ్చు. తనతోపాటు చేరిన స్నేహితురాలు ప్రోడక్ట్ మేనేజర్ అయ్యానని పోస్టు పెట్టింది. ఆ రాత్రే ఈవిడ ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సుకి డబ్బు కట్టబోతున్నారు. ఆ రాత్రి కట్టకూడదు. ఒక కాగితం మీద తేదీ వేసి, ఆ వార్తలో ఏది గుచ్చుకుందో విడదీసి రాయాలి: హోదా పేరా, జీతమా, సంస్థ పేరా, రోజూ చేసే పనా, పదిమందిలో మాట చెల్లడమా? ఇవన్నీ కలిపి చూస్తే ఒకే ముద్దలా "నాకూ కావాలి" అనిపిస్తుంది. విడదీస్తే సాధారణంగా ఒకటో రెండో మిగులుతాయి.

ఈవిడకి మిగిలినది, "నా మాట ఎవరూ వినరు" అన్నది అనుకుందాం. రిలీజ్ వాయిదా వేయమని చెప్పినా వినకుండా విడుదల చేస్తారు, తర్వాత తిట్లు తనకి. ఇప్పుడు రెండు వారాలు తన పని గంటలు రాసుకోవాలి. ప్రతి గంట పక్కనా ఒకే గుర్తు: ఈ పని ఇంకా ఎక్కువ కావాలా, తక్కువ కావాలా. రోజు చివర గుర్తుతెచ్చుకుని రాస్తే చెడ్డ గంటలే గుర్తుంటాయి, అందుకే అప్పటికప్పుడు రాయాలి. రిలీజ్ ముందు వారం మాత్రమే రాసినా లెక్క తప్పుతుంది, ఆ వారం ఎవరికైనా ఉద్యోగం మానేయాలనే ఉంటుంది. ఒకటి హడావుడి వారం, ఒకటి మామూలు వారం ఉండాలి.

రాసి చూస్తే, చిక్కుముడి లాంటి లోపం ఎక్కడ పుట్టిందో తవ్విన గంటలన్నిటికీ "ఎక్కువ కావాలి" అని పడింది. ఒకరికీ ఇంకొకరికీ మధ్య సర్దిచెప్పే మీటింగులన్నిటికీ "తక్కువ" అని పడింది. ప్రోడక్ట్ మేనేజర్ రోజులో ఎక్కువ భాగం ఆ రెండోదే: అమ్మకాలవాళ్లకి ఇప్పుడు కుదరదని చెప్పడం, ఇంజినీర్లకి ఇది ఎందుకు ముందో ఒప్పించడం, రాయడం, మళ్లీ కూర్చోవడం. అంటే ఆ కోర్సు ఆవిడని తనకి నచ్చని గంటల్లోకే తీసుకెళ్తుంది. మాట చెల్లాలన్న కోరిక నిజమైనదే, దానికి దగ్గరి దారి వేరే ఉంది: రిలీజ్ ఆపే ప్రమాణాలు ముందే రాసి అందరిచేత ఒప్పించుకునే బాధ్యత అడగడం, లేదా టెస్టింగ్ వాళ్ల మాటకి ఆ అధికారం ఉన్న చోట వెతుక్కోవడం. అదే కాగితంలో గుర్తులు తారుమారుగా పడి ఉంటే, మీటింగులే ఇష్టమని తేలి ఉంటే, స్నేహితురాలి పోస్టు మంచి కబురే తెచ్చినట్టు, అప్పుడు నిశ్చింతగా కోర్సు కట్టొచ్చు.

ఆ కాగితం ఆరు నెలల తర్వాత మళ్లీ తీయాలి. అప్పటి గంటలు, ఇప్పటి గంటలు. "ఎక్కువ కావాలి" అన్నవి పెరిగాయా? ఎవరి హోదాతోనూ పనిలేకుండా దిక్కు చెప్పే కొలత అది. పనికి కొత్తగా వచ్చినవాళ్లకి మాత్రం ఇది సరిగ్గా పనిచేయదు, మొదటి ఏడాది చేతకాని పనులన్నీ వద్దనే అనిపిస్తాయి.

ఇంకో మాట, జీతం విషయంలో మాత్రం పోల్చుకోవాల్సిందే. తక్కువ ఇస్తున్నారో లేదో పక్కవాళ్లని అడక్కుండా ఎలా తెలుస్తుంది? కానీ అది ఫీడ్‌లో దొరకదు. అదే పని, అంతే అనుభవం ఉన్న ముగ్గురినో నలుగురినో విడిగా అడగండి, ఖాయంగా వచ్చే జీతం ఎంత, షేర్లు ఎంత, ఎన్నేళ్లకి అని విడివిడిగా. గుచ్చుకునేవాళ్లని అన్‌ఫాలో చేయడంలో కూడా తప్పులేదు. పరిచయం అలాగే ఉంటుంది, వాళ్లకి కబురు వెళ్లదు.

ఆ కామెంటు పెట్టిన తమ్ముడూ, ఇది నీ కంటపడితే, ఆ అన్నకి ఇన్‌బాక్స్‌లో ఒక ప్రశ్న పంపు: "అన్నా, పోయిన మంగళవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నువ్వేం చేశావు?" జవాబు గంటగంటకీ రాయమను. చదివి, ఆ మంగళవారం నీకు కావాలో లేదో చూసుకో.