ఖాతా లెక్క వేరు, చెక్కు లెక్క వేరు

రొయ్యల రేటు పడిపోయిన ప్రతిసారీ భీమవరం, పాలకొల్లు, కైకలూరు వైపు మేత దుకాణాల్లో ఒకటే మాట వినిపిస్తుంది, చెక్కు తిరిగొచ్చిందని. పట్టుబడి అయ్యాక డబ్బులు ఇస్తామని రైతు మేత అరువు తెచ్చుకుంటాడు. రొయ్యలకు వైట్‌స్పాట్ జబ్బు వచ్చి అరవై రోజులకే చెరువు పట్టెయ్యాల్సి వస్తే, ముందుగా రాసిచ్చిన చెక్కుకు ఖాతాలో సొమ్ము ఉండదు. ఇందులో మోసం ఎంతో, కష్టం ఎంతో బయటివాళ్లు తేల్చలేరు. మేము మాట్లాడదలచుకున్నది ఆ తర్వాత దుకాణదారు రాసే ఉత్తరం గురించి. నోటి మాటతో ఏళ్ల తరబడి వ్యాపారం చేసుకునే మన డెల్టాలో ఆ ఉత్తరాన్నే సరిగ్గా రాయడం లేదు.

మామూలుగా ఎలా రాస్తున్నారో ఒక లెక్క వేసి చూద్దాం. చెక్కు రూ.1,86,000. పాత బాకీ రూ.88,500. చెక్కు వెనక్కి పంపినందుకు దుకాణదారు ఖాతాలో బ్యాంకు రూ.200, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.36 కోసుకుంది. కోపంలో ఉన్న దుకాణదారు ఖాతా పుస్తకం తెరిచి, అన్నీ కూడి, ‘మీరు మాకు బాకీ ఉన్న రూ.2,74,736 పదిహేను రోజుల్లో చెల్లించకపోతే చట్టపరంగా చర్య తీసుకుంటాం’ అని రాసేస్తాడు. కూడికలో తప్పేమీ లేదు. ఉత్తరం మాత్రం చెల్లదు.

చెక్కు తిరిగొస్తే కేసు వేయడానికి వీలిచ్చేది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్. దాని ప్రకారం ముందుగా పంపే ఈ ఉత్తరంలో, అంటే నోటీసులో, అడగాల్సింది చెక్కు మీద ఉన్న సొమ్ము. చెక్కు సొమ్మును విడిగా చూపి, వడ్డీ, ఖర్చులు వేరేగా అడిగితే నోటీసుకు ఢోకా లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు మొత్తం ఎంతో తెలియకుండా అన్నీ కలిపి గుండుగుత్తగా అడిగితే మాత్రం నిలవదు. కోటి రూపాయల చెక్కుకు నోటీసులో రెండు కోట్లు అని పడిన కేసు ఒకటి 2025 సెప్టెంబరులో అక్కడికి వెళ్లింది. టైపింగ్ పొరపాటని మొత్తుకున్నా కోర్టు వినలేదు. కోటికే అంత పట్టింపు ఉంటే లక్షలకు ఉండదని అనుకోవడానికి లేదు.

కాబట్టి పై లెక్కకు ఉత్తరం ఇలా ఉండాలంటాం: ‘ఏప్రిల్, మే నెలల మేత బిల్లుల కింద మీరు జూన్ 1 తేదీతో ఇచ్చిన రూ.1,86,000 చెక్కు ఖాతాలో సొమ్ము చాలక తిరిగి వచ్చినట్టు జూన్ 8న మా బ్యాంకు మెమో ఇచ్చింది. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో ఆ చెక్కు సొమ్ము రూ.1,86,000 మా ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాం. ఇది కాక, చెక్కు తిరిగి వచ్చినందుకు బ్యాంకు మా దగ్గర తీసుకున్న రూ.236 కూడా ఇప్పించగలరు. చెక్కు సొమ్ము జమ అయిన రోజే అసలు చెక్కు మీకు తిరిగి ఇస్తాం.’ చెక్కు నంబరు, బ్యాంకు పేరు, డబ్బు వేయాల్సిన ఖాతా నంబరు చేరిస్తే చాలు. పాత బాకీ రూ.88,500 గురించి ఇందులో ఒక్క ముక్క కూడా వద్దు, దానికి వేరే కాగితం. లాయరే రాయాలన్న నియమం లేదు, దుకాణదారు స్వయంగా తెలుగులో రాసి సంతకం చేయవచ్చు.

చార్జీల విషయంలో కొందరు చేస్తున్నది మాకు నచ్చడం లేదు. బ్యాంకు కోసింది రూ.236 అయితే ‘బౌన్స్ చార్జీ’ అని వెయ్యి రూపాయలు రాస్తున్నారు. పైగా రెండు రూపాయల వడ్డీ అంటున్నారు. రైతు బ్యాంకు కూడా అదే చెక్కుకు అతని దగ్గర విడిగా కోసుకుంటుందన్న సంగతి మరచిపోకూడదు. బిల్లు మీద ముందే రాసి ఒప్పించుకున్న వడ్డీ ఉంటే అది వేరే లైనులో అడగవచ్చు. లేనిది ఇప్పుడు పుట్టించకూడదు. రైతు రూ.1,86,000 కట్టేసి రూ.236 ఎగ్గొట్టినా 138 కింద కేసు వేయడానికి ఉండదు, అది ఖాతాలో రాసుకునే బాకీయే.

ఇక గడువుల సంగతి. మెమో అందిన రోజు వదిలేసి లెక్కపెడితే ముప్పై రోజులు జూలై 8తో అయిపోతాయి. ఆలోపు ఉత్తరం పంపాలి. జూన్ 15న రైతుకు అందితే అతనికి జూన్ 30 దాకా టైముంటుంది. అప్పటికీ కట్టకపోతే జూలైలోనే, ఆ నెల దాటకుండా, కోర్టులో ఫిర్యాదు వేయాలి. మన దగ్గర ఈ ముప్పై రోజులు ఫోన్లలోనే కరిగిపోతాయి. ‘వచ్చే వారం మళ్లీ వెయ్యండి, పడిపోద్దండి’ అంటాడు రైతు. సరేనని దుకాణదారు ఊరుకుంటాడు. మళ్లీ వేయడంలో తప్పు లేదు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోపు ఎన్నిసార్లయినా వేయవచ్చు, మళ్లీ తిరిగొస్తే కొత్త మెమోతో కొత్త ముప్పై రోజులు మొదలవుతాయి. వేయకుండా, రాయకుండా కూర్చుంటేనే రెంటికీ చెడ్డట్టు.

మధ్యలో రైతు యాభై వేలు ఫోన్‌పే చేస్తే అసలు చిక్కు అక్కడుంది. ఆ తర్వాత పాత చెక్కునే పూర్తి మొత్తానికి మళ్లీ బ్యాంకులో వేస్తే, తిరిగొచ్చినా 138 కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అంత బాకీ అప్పటికి లేదు కదా. అందిన యాభై వేలను చెక్కు మీదే రాసి, మిగిలిన రూ.1,36,000 కోసమే వేయాలి. ఇంతకన్నా తేలిక దారి ఒకటుంది. పాత చెక్కును పక్కనపెట్టి, మిగతాది నెఫ్ట్‌లోనో డీడీగానో తీసుకోవడం. దానికి బదులు ఇంకో చెక్కు తీసుకుంటే సొమ్ము ఉన్నట్టు కాదు, పాత భయానికి కొత్త తేదీ వేసినట్టే.

ఉత్తరం ఎవరి పేరున రాయాలన్నది కూడా ఇక్కడ తేలిక ప్రశ్న కాదు. చెరువు లీజు తండ్రి పేరున ఉంటుంది, మేత బిల్లు కొడుకు పేరున ఉంటుంది, చెక్కు మీద సంతకం బావమరిదిది. ఖాతా ఎవరిదో, సంతకం ఎవరిదో వాళ్ల పేరునే పంపాలి. రొయ్యలు ఎవరివన్నది చట్టం అడగదు. చెక్కు ఫర్మ్ పేరున ఉంటే ఫర్మ్‌కూ, సంతకం చేసిన వ్యక్తికీ ఇద్దరికీ వెళ్లాలి. మెమోలో కారణం కూడా ఒకసారి చదవాలి. సంతకం కుదరలేదనో, అంకెలు అక్షరాలు సరిపోలేదనో ఉంటే ముందు ఒక ఫోను చేయడమే మర్యాద, సొమ్ము ఉండి కూడా చెక్కు తిరిగొచ్చిందేమో.

పంపడం పోస్టులోనే మంచిది. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, కౌంటరులో రిజిస్ట్రేషన్‌తో పంపుతున్నామని చెప్పి, రసీదును మెమోకు పిన్ను చేసి పెట్టుకోవాలి. కొందరు ‘తలుపు తాళం’ అని రాయించి కవరు వెనక్కి పంపించేస్తారు. సరైన చిరునామాకు పోస్టులో పంపినదాన్ని అందినట్టే భావిస్తామని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగానే అందలేదనే రైతుకూ అదే తీర్పులో దారి చూపింది. కోర్టు సమన్లు అందిన పదిహేను రోజుల్లో చెక్కు సొమ్ము కట్టేసి, ఫిర్యాదును కొట్టేయమని అడగవచ్చు.