మొసలి దగ్గర నిద్ర ఎగిరిపోతే: గజేంద్రమోక్షం మీద వాదోపవాదం

అడిగినామె: నాయనమ్మ మనవలకు పడుకునే ముందు చెప్పే గజేంద్రమోక్షం ఎనిమిది నిమిషాల స్క్రిప్టుగా రాసి రికార్డు చేశాను. మొసలి కాలు పట్టుకున్న చోట పిల్లలిద్దరూ లేచి కూర్చుంటున్నారు. చక్రం వచ్చేసరికి మంచం మీద గెంతుతున్నారు. మొసలిని తీసెయ్యనా, కథే మార్చెయ్యనా?

కథకురాలు: రెండూ వద్దు. తప్పు మొసలిది కాదు, వాక్యానిది. "అంతలో మొసలి ఏనుగు కాలు కరిచి పట్టుకుంది!" అని రాశారు. ఏ నాయనమ్మా అలా చెప్పదు. "అంతలో నీళ్లలోంచి ఓ మొసలి వచ్చి కాలు పట్టుకుందట" అంటుంది. చివర ఆ 'ట' ఉన్నంతసేపూ అది ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి, నాయనమ్మ కూడా ఇంకెవరి దగ్గరో విన్నది. 'ట' తీసేశారో, మొసలి మంచం కిందికి వచ్చేస్తుంది. మీరు మొదటి రెండు పేజీల్లో 'ఉండేదట', 'వెళ్లిందట' అని చక్కగా రాసుకొచ్చి, సరిగ్గా భయపడే చోటే వదిలేశారు.

మాస్టారు: 'ట'తో నాకు పేచీ లేదమ్మా. నా బాధ వేరే. ఎనిమిది నిమిషాల్లో పోతన పద్యం ఒక్కటీ లేదు. తెలుగువాడి గజేంద్రమోక్షంలో పద్యం లేకపోతే మిగిలేది ఏనుగూ మొసలీ కొట్లాట. అది విని పిల్లలు గెంతరా మరి?

కథకురాలు: పద్యం పెడితే ఇంకా గెంతుతారు మాస్టారూ! "సిరికిం జెప్పడు" ఎత్తుకోగానే గొంతు దానంతటదే పైకి లేస్తుంది. పాదానికి ఇరవై అక్షరాల మత్తేభం, పైగా విష్ణువు పరుగు మీద ఉన్నాడు. తొమ్మిదిన్నరకి పిల్లల చెవి దగ్గర చదివే పద్యమా అది?

మాస్టారు: దాన్ని చదవమన్నదెవరు? నేననేది దాని తరవాతిది. స్వామి ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు. ఆయన వెనక సిరి, సిరి వెనక అంతఃపుర స్త్రీలు, వాళ్ల వెనక గరుత్మంతుడు, ఆయన పక్కన విల్లూ గదా శంఖమూ చక్రమూ, ఆ తరవాత నారదుడు, విష్వక్సేనుడు, చివరికి వైకుంఠంలో ఉన్న పిల్లా పెద్దా అందరూ. "ఆబాలగోపాలమున్" అని ముగించాడు పోతన. ఒకరి వెనక ఒకరు, ఒకరి వెనక ఒకరు. నిద్రపుచ్చడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కథకురాలు: అది మాత్రం ఒప్పుకుంటాను. గొలుసుకట్టు కథలు విని పిల్లలు నిద్రపోవడం ఊరికే కాదు, తరవాత వచ్చేదేంటో సగం ముందే తెలిసిపోతుంది కాబట్టి. అయితే పద్యంగా కాదు, వచనంగా: "స్వామి వెనకాల లక్ష్మమ్మ. లక్ష్మమ్మ వెనకాల చెలికత్తెలు. చెలికత్తెల వెనకాల గరుత్మంతుడు..." ఒక్కో పేరుకీ ఒక్కో ఊపిరి. ఇక్కడికి వచ్చేసరికి చదివే వేగం తగ్గాలి. మొదట్లో నిమిషానికి తొంభై మాటలు చదువుతుంటే ఈ ఊరేగింపులో డెబ్బైకి దిగాలి. గడియారం పెట్టుకుని చదివి చూడండి. వేగం తగ్గించామనుకుంటాం కానీ, అలవాటు కొద్దీ ఆఖరి పేజీలో పరిగెత్తేది మనమే.

అడిగినామె: అయితే నిడివి పెంచాలన్నమాట. పన్నెండు నిమిషాలు చెయ్యనా?

కథకురాలు: నిడివి సంగతి కాదండీ. ఎనిమిదే చాలు. పోట్లాటకి మీరు మూడు నిమిషాలు ఇచ్చారు, ఊరేగింపుకి అరనిమిషం. అది తిరగెయ్యండి.

తాతగారు: మా మనవడు డల్లాస్‌లో ఉంటాడు, ఫోనులో కథ చెబుతాను. వాడు 'ఊ' అన్నది నాకు ఆలస్యంగా వినపడుతుంది. ఈలోగా నేను తరవాతి మాట అనేస్తాను. రికార్డులో ఈ 'ఊ' సంగతేమిటి?

కథకురాలు: మంచి మాట అడిగారు. ఎదురుగా చెప్పే నాయనమ్మకి 'ఊ' ఒక కొలత. ఊ గట్టిగా ఉంటే కథ నడుస్తోంది, సన్నబడితే గొంతు తగ్గిస్తుంది, ఆగిపోతే దుప్పటి కప్పి లేచిపోతుంది. రికార్డుకి చెవులు లేవు కదా. అందుకని ప్రతి మూడు నాలుగు వాక్యాలకీ రెండు సెకన్లు ఖాళీ వదలాలి, మొదటి సగంలో. నాయనమ్మ గొంతుతో "విన్నావా?" అని మాత్రం అడిగించకండి. నిద్రలోకి జారుతున్న పిల్లాణ్ణి లేపి జవాబు అడిగినట్టవుతుంది. తాతగారూ, ఫోనులో అయితే మీరు ఒకటీ రెండూ అని మనసులో లెక్కపెట్టుకుని తరవాతి మాట అనండి, చాలు.

మాస్టారు: సరే, ఇప్పుడు అసలు చోటికి రండి. వెయ్యేళ్లు పోరాడి ఏనుగు ఓడిపోయే ఘట్టం. దాన్ని ఏం చేస్తారు?

కథకురాలు: అది నాకు నచ్చిన చోటు. పోతన ఏమన్నాడు? "లావొక్కింతయు లేదు", "తనువున్ డస్సెన్". ఒళ్లు అలిసిపోయింది. దాన్నే నిద్రకి వాడుకోవచ్చు. ఏనుగు కాళ్లు బరువెక్కాయట, తొండం వాలిపోయిందట, కళ్లు మూతలు పడుతున్నాయట. వింటున్న పిల్లల ఒళ్లు కూడా అలాగే సడలుతుంది.

మాస్టారు: అమ్మా, ఆ రెండు ముక్కలకీ మధ్య ఏముందో చూశారా? "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె." ఆ ఏనుగుకి నిద్ర రావడం లేదు, ప్రాణం పోతోంది. కళ్లు మూసుకుంటే మునిగిపోతుంది. పిల్లాడు ఏనుగుతోపాటు కళ్లు మూసుకోవాలా, ఏనుగు కోసం కళ్లు తెరుచుకునుండాలా? మీరు నిద్రనీ మునగడాన్నీ ఒకటి చేస్తున్నారు. కాస్త తెలివైన పిల్ల అయితే ఆ రాత్రి నిద్రపోవడానికే భయపడుతుంది.

కథకురాలు: ...అది నేను ఆలోచించలేదు. సరే, అలసట ఒక్క వాక్యంలో చెప్పి, ఒళ్లు సడలే మాటలు ఏనుగు ఒడ్డుకి వచ్చాక పెడదాం. కానీ ఏనుగు పిలవడానికి ముందే ఒక మాట చెప్పెయ్యాలి: "స్వామి అప్పటికే వింటున్నాడట." పిల్లలకి ఆ హామీ ఉంటే మిగతాది భయం లేకుండా వింటారు.

మాస్టారు: అక్కడ నేను ఒప్పుకోను. "కలడందురు దీనులయెడ" అని మొదలుపెట్టి "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని ఆ ఏనుగు సందేహపడుతుంది. ఉన్నాడంటారే, ఉన్నాడో లేడో! దేవుడి కథలో ఇంత చనువుగా దేవుణ్ణి అనుమానించిన పద్యం ఉండగా, ముందే జవాబు చెప్పేస్తే పద్యం చచ్చిపోతుంది. పైగా అది కందం. నాలుగు చిన్న పాదాలు, రెండు ఊపిర్లు. గొంతు ఎత్తకుండా, దాదాపు గుసగుసగా చదవొచ్చు. పద్యం పెట్టాలంటే ఇదొక్కటే పెట్టండి.

కథకురాలు: ఆరేళ్ల పిల్లకి సందేహం ఎందుకు మాస్టారూ?

మాస్టారు: దీపం ఆర్పాక "అమ్మా, ఉన్నావా?" అని అడిగేది ఆరేళ్ల పిల్లేగా.

కథకురాలు: అడుగుతుంది. అమ్మ వెంటనే "ఉన్నా" అంటుంది. మీరేమో ఒక పద్యం అయ్యేదాకా ఆగమంటున్నారు. మూడు నాలుగేళ్ల వాళ్లకి నా మాటే. ఏడు దాటినవాళ్లకి మీ పద్యం పెట్టుకోండి, కాదనను.

అడిగినామె: మా ఇంట్లో ఒకరికి నాలుగు, ఒకరికి ఎనిమిది.

తాతగారు: అయితే మీరే తేల్చుకోవాలి తల్లీ.

మాస్టారు: చక్రం మాట. స్క్రిప్టులో 'సుయ్యి'మని శబ్దం పెట్టారు, పెద్ద గంట కూడా. గెంతులకి సగం కారణం అదే. ఆ శబ్దాలు తీసెయ్యండి. ఆ పని ఒక్క వాక్యంలో అయిపోవాలి.

కథకురాలు: ఆ వాక్యం నా దగ్గరుంది: "చక్రం తగలగానే మొసలి చర్మం పాత దుప్పటిలా జారిపోయిందట. లోపల చూస్తే పాటలు పాడే గంధర్వుడు!"

మాస్టారు: దుప్పటి మీ కల్పన. తల తెగిందనే ఉంది. కానీ గంధర్వుడు నిజమే. హూహూ అని పేరు, దేవలుడి శాపంతో మొసలి అయ్యాడు. విడుదలై హరిని పాడుకుంటూ తన లోకానికి వెళ్లిపోయాడు. తల సంగతి దాచడం నాకు రుచించదు. అయినా హూహూ అనే పేరు వదలకండి. పిల్లలు దాన్ని తామే గొణుక్కుంటారు. ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడు, అగస్త్యుడి శాపం, అదంతా పగటి పూటకి అట్టేపెట్టండి. ఒక రాత్రికి ఒక శాపం చాలు.

కథకురాలు: ముగింపు ఎలా రాశారో చదవండి.

అడిగినామె: "గజేంద్రుడు మోక్షం పొంది వైకుంఠానికి వెళ్లిపోయాడు. కథ కంచికి, మనం ఇంటికి."

కథకురాలు: రెండో వాక్యం తీసెయ్యండి. అది వినగానే పిల్లలకి కథ అయిపోయిందని తెలిసి, ఇంకోటి చెప్పమంటారు. మొదటిది ఇంకా చిక్కు. ఎక్కడికి వెళ్లిపోయాడు, వాళ్లమ్మ ఏమైంది అని ఎనిమిదేళ్లామె తప్పక అడుగుతుంది.

మాస్టారు: మోక్షం తీసేస్తే గజేంద్రమోక్షం ఎలా అవుతుంది? అయితే నడిమధ్య ఒక చిన్న ఘట్టం ఉంది, అందరూ దాటేస్తారు. మడుగులోంచి బయటికొచ్చిన ఏనుగు ఆడ ఏనుగుల్ని తొండంతో "కరమున మెల్లన నివురుచు" మళ్లీ కలుసుకుంటుంది. కథ అక్కడ ఆపితే మోక్షం చెప్పకపోయినా అబద్ధం చెప్పినట్టు కాదు.

కథకురాలు: మాస్టారూ, ఇది ముందే చెప్పుంటే ఇంత వాదన ఉండేది కాదు! ఇలా రాద్దాం: "ఏనుగు ఒడ్డుకి వచ్చిందట. పెద్ద ఏనుగుని నిమిరిందట. చిన్న ఏనుగుని నిమిరిందట. గున్న ఏనుగుని నిమిరిందట. మడుగులో నీళ్లు కదలడం మానేశాయట." నిమిరిందన్నప్పుడల్లా పక్కనున్నవాళ్లు పిల్లల తల నిమరొచ్చు. ఆఖరి నిమిషం నేపథ్యంలో సంగీతం వద్దు. పాట ఆగిపోతే ఆ నిశ్శబ్దానికే కొందరు లేస్తారు.

మాస్టారు: ఆ నిమిరే పద్యంలో గున్న ఏనుగు నాకు కనపడలేదు.

కథకురాలు: మడుగులోకి దిగినప్పుడు మంద అంతా ఉంది కదండీ.

మాస్టారు: సరే, ఉండనివ్వండి. ఇంకొక్కటి. గజేంద్రమోక్షం వింటే పీడకలలు పోతాయని ఫలశ్రుతిలో ఉంది. అందుకే పెద్దవాళ్లు దీన్ని రాత్రి చెబుతారు. కానీ అదే చోట తెల్లవారుజామున లేచి చదవమని కూడా ఉంది. ఆ మాట ఎవరూ పట్టించుకోరు.

అడిగినామె: అంటే పొద్దున వినిపించాలా? స్కూలు బస్సు ఏడింటికి.

కథకురాలు: రాత్రే వినిపించండి. పొద్దున మీ పెద్దమ్మాయి అడిగితే మోక్షం సంగతి అప్పుడు చెప్పండి.