జుట్టు రాలుతోందని గుండె బిళ్ళ ఆపేస్తే?

గుండెలో మెటల్ వాల్వు వేయించుకున్న ఆడవాళ్లలో చాలామందికి ఆపరేషనైన మూడో నెలలో ఓ కొత్త బెంగ మొదలవుతుంది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టే. మొదట తప్పు బోరు నీళ్ల మీదికి పోతుంది, తర్వాత షాంపూ మీదికి, ఆ తర్వాత ఎవరి దిష్టి మీదికో. చివరికి తెలిసినవాళ్లెవరో ‘రక్తం పలచబడే బిళ్ళ వల్ల జుట్టు ఊడుతుందట’ అంటారు. ఆ మాట అబద్ధం కాదు. అసినోకౌమరాల్, వార్ఫరిన్ బిళ్ళలకీ హెపారిన్ ఇంజెక్షన్‌కీ జుట్టు రాల్చే గుణం ఉందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. చిక్కంతా ఆ మాట విన్నాక ఇంట్లో జరిగే పనితోనే. డాక్టరుకు చెప్పకుండా బిళ్ళ రోజు విడిచి రోజు వేసుకోవడం, తర్వాత పూర్తిగా మానేయడం.

మెటల్ వాల్వు మీద రక్తం గడ్డకడితే రెక్కలు కదలక బిగుసుకుపోతాయి. ఆ గడ్డ ముక్క విరిగి మెదడుకు వెళితే పక్షవాతం. పైగా అసినోకౌమరాల్ ఒంట్లో ఎక్కువసేపు నిలవని మందు. వార్ఫరిన్‌తో పోలిస్తే దాని పట్టు చాలా త్వరగా సడలుతుంది. కాబట్టి ‘నాలుగు రోజులు ఆపి చూద్దాం’ అనే ప్రయోగం ఇక్కడ పనికిరాదు. అసలు నాలుగు రోజులు ఆపితే జుట్టు గురించి తెలిసేదీ ఏమీ ఉండదు. ఎందుకో తెలియాలంటే వెంట్రుక లెక్క చూడాలి.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో ఏ సమయంలోనైనా పదింట తొమ్మిది వంతులు పెరుగుతూ ఉంటాయి, మిగిలిన పదో వంతు విశ్రాంతిలో ఉంటుంది. ఈ విశ్రాంతి దశ దాదాపు 100 రోజులు, ఆ తర్వాత వెంట్రుక రాలిపోతుంది. అంటే పదివేల వెంట్రుకలు 100 రోజుల్లో రాలాలి. రోజుకు వంద దాకా రాలడం మామూలే అనడం ఈ లెక్కనుంచే వచ్చింది. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినా, కొన్ని మందులు పడినా, పెరుగుతున్న వెంట్రుకలు గుంపుగా ముందే విశ్రాంతిలోకి జారుకుంటాయి. విశ్రాంతి వాటా పదో వంతు నుంచి మూడో వంతుకు చేరువైతే రోజుకు రాలేవి మూడు వందలు. అయితే అవి జారుకున్న రోజున ఏమీ కనిపించదు, రెండు మూడు నెలల తర్వాతే చేతికొస్తాయి. కాబట్టి ఈరోజు రాలిన జుట్టుకు నిన్నటి షాంపూని అడిగి లాభం లేదు. క్యాలెండర్‌లో మూడు నెలలు వెనక్కి తిప్పి చూడాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ముప్పై ఐదేళ్ల గృహిణి. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల పాడైన మైట్రల్ వాల్వును జనవరి రెండో వారంలో ఆరోగ్యశ్రీ కింద మార్పించుకుంది. ఏప్రిల్‌లో జుట్టు రాలడం మొదలైంది. మూడు నెలలు వెనక్కి వెళితే ఒకే వారంలో ముగ్గురు దోషులు దొరుకుతారు: ఆపరేషన్, అప్పుడిచ్చిన హెపారిన్, అప్పుడే మొదలైన అసినోకౌమరాల్. ఛాతీ తెరిచి చేసిన ఆపరేషన్ ఒక్కటే చాలు ఇంత జుట్టు రాలడానికి. ఏప్రిల్‌లో నింద మొత్తం బిళ్ళ మీద వేయడం తొందరపాటు అనేది అందుకే.

ముగ్గురినీ విడదీసేది కాలమే. ఆపరేషన్, హెపారిన్ ఒక్కసారి తగిలి పోయిన దెబ్బలు. వాటి ప్రభావం ఏప్రిల్, మే నెలల్లో ముమ్మరమై, జులై నాటికి సన్నగిల్లాలి. నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు లేస్తుంటే అదే సూచన. బిళ్ళ మాత్రం రోజూ సాగుతూనే ఉంటుంది. ఆగస్టు దాటినా రాలడం తగ్గకపోతే అప్పుడు బిళ్ళను అనుమానించాలి. రాలిన వెంట్రుక చివర చిన్న తెల్లటి గుండు ఉండి, తలంతా సమంగా పలచబడుతుంటే అది ఈ రకమే. రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు, దాని కథ వేరు.

అప్పుడు కూడా బిళ్ళ నేరుగా చేసిందా, చుట్టు తిరిగి చేసిందా అన్నది చూడాలి. నా దృష్టిలో అందరూ దాటేసే ప్రశ్న ఇదే. రక్తం పలచన చేసే మందు మీదున్న ఆడవాళ్లలో నెలసరి రక్తస్రావం ఎక్కువవుతుంది. నెలనెలా అలా పోతుంటే ఐరన్ నిల్వలు తరుగుతాయి, ఐరన్ తగ్గితే జుట్టు రాలుతుంది. హిమోగ్లోబిన్ ఇంకా ఫర్వాలేదనిపిస్తున్నప్పుడే ఐరన్ నిల్వలను చూపే ఫెరిటిన్ పడిపోయి ఉండొచ్చు. ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు, నెలసరి గురించి రెండు ప్రశ్నలు. ఇక్కడ దొరికే కారణానికి వైద్యం ఉంది, బిళ్ళ జోలికి పోనక్కర్లేదు.

అన్నీ సరిగ్గా ఉండి బిళ్ళే దోషి అని తేలితే? అప్పుడు దారి ఇరుకే. రక్తం పలచన చేసే కొత్త తరం మందుల్లోకి మారదామంటే మెటల్ వాల్వు ఉన్నవాళ్లకు అవి నిషిద్ధం. డాబిగాట్రాన్‌తో ప్రయత్నించిన రీ-అలైన్ అధ్యయనంలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరిగాయని 2013లో వెలువడింది. ఎపిక్సబాన్‌తో చేసిన మరో అధ్యయనాన్ని 2022లో మధ్యలోనే ఆపేశారు. కాలి నరంలో గడ్డకట్టి అసినోకౌమరాల్ లాంటి మందు మొదలుపెట్టినవాళ్ల పరిస్థితి ఇలా ఉండదు. వాళ్లలో చాలామందికి కోర్సు కొన్ని నెలలే, మందు మార్చే వీలూ ఉంటుంది. జుట్టు రాల్చే వేరే మందుల్లోనూ దారి వేరు. సోరియాసిస్‌కి వాడే అసిట్రెటిన్ అనే మందులో జుట్టు రాలడం మోతాదును బట్టి పెరుగుతుంది కాబట్టి మోతాదు తగ్గించి చూస్తారు. డిప్రెషన్ మందుల్లో ఈ ఇబ్బంది అరుదు, ఒకటి పడకపోతే డాక్టరు మెల్లగా ఇంకోదానికి మారుస్తారు. రాలేది ఒకే జుట్టు అయినా, చేయాల్సింది ఆ మందు దేన్ని కాపాడుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

వాల్వు ఉన్న ఆమెకు చెప్పగలిగిన ఊరట ఒకటే. ఈ రకంలో జుట్టు పలచబడుతుంది తప్ప బోడిగుండు కావడం దాదాపు ఉండదు, కుదురు చావదు. ఈ మాటైనా ఎవరో ఒకరు చెప్పాలి కదా. ‘ప్రాణం ముఖ్యమా, జుట్టు ముఖ్యమా’ అని కసిరే డాక్టరుకు ఆమె ఇంకోసారి చెప్పదు, ఇంటికొచ్చి బిళ్ళ మానేస్తుంది. మందుల షాపులో స్ట్రిప్ కత్తిరించి పది బిళ్ళలు చేతిలో పెడతారు, లోపలి కాగితం ఆమె దాకా రానేరాదు. రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకు వచ్చినప్పుడు జుట్టు సంగతి డాక్టరే అడగడానికి అర నిమిషం చాలు.

ఇంకో ముప్పు జుట్టు కోసం కొనే బయోటిన్ బిళ్ళ. ఒంటికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. షాపులో దొరికే 10 మిల్లీగ్రాముల బిళ్ళలో అంతకు మూడు వందల రెట్లకు పైనే ఉంటుంది. అంత బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని ల్యాబ్ పరీక్షలు తప్పుగా వస్తాయి. థైరాయిడ్ లోపంలో పెరిగి కనిపించాల్సిన టీఎస్‌హెచ్‌ను తక్కువగా చూపి, లోపాన్ని కప్పేయొచ్చు. అంతకంటే ప్రమాదం, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ తక్కువగా చూపడం. అలా తప్పు ఫలితం వచ్చిన ఒక రోగి మరణించినట్టు తమకు సమాచారం అందిందని అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. గుండె రోగి జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకూ ల్యాబ్‌కూ చెప్పాలి, మామూలు రక్తపరీక్షలకు రెండు మూడు రోజుల ముందు ఆపాలి. ఛాతీలో నొప్పితో క్యాజువాలిటీకి వెళ్లినప్పుడు అలా ఆపే వ్యవధి ఉండదు కాబట్టి, ఆ బిళ్ళ పేరు వెంట వచ్చినవాళ్లకూ తెలిసి ఉండాలి.