సవరణ: ఇటావాన్‌లో ఊపిరి ఆపింది పరుగు కాదు

మా పాత పోస్టులో రాసిన వాక్యం: "2022లో సియోల్‌లోని ఇటావాన్ సందులో జనం భయంతో పరుగులు తీసి ఒకరినొకరు తొక్కేసుకున్నారు."

ఇది తప్పు. అక్కడ పరుగెత్తే చోటే లేదు. ఆ వాలు సందు వెడల్పు సన్నటి చోట సుమారు 3.2 మీటర్లే. చనిపోయిన 159 మందిలో ఎక్కువమందికి ఒత్తిడి వల్ల ఛాతీ విచ్చుకోక ఊపిరి అందలేదు.

చదరపు మీటరుకు నలుగురున్నంత వరకు మన అడుగు మన చేతిలోనే ఉంటుంది. ఆరుగురు దాటితే ఒకరి తూలు పక్కవారికి పాకి, జనం నీళ్లలా అలలుగా ఊగుతారు. వెనకున్నవారికి ముందు సంగతి కనబడదు. ఎదుటి వీపు కదిలితే దారి ఉందనుకుని అపరిచితుడి వెంటే అడుగేస్తారు. అది మూర్ఖత్వం కాదు, వాళ్లకున్న సమాచారం అంతే. 'తొక్కిసలాట' అనే మాటే నెపాన్ని జనం మీదికి నెడుతుంది.

రెండు భుజాలకూ మనుషులు తగులుతుంటే, చెయ్యి ముఖం దాకా లేవకపోతే ప్రమాదం మొదలైనట్టే. చేతులు ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటుంచుకోండి. అలకు ఎదురు నెట్టకండి, అది తగ్గినప్పుడల్లా ఏటవాలుగా అంచుకు జరగండి. గోడ పక్కకు మాత్రం వద్దు, అక్కడ నలిగిపోతారు.