క్యాపిటల్ రిజర్వ్ ముట్టుకోకూడదంట, మరి దాచిపెట్టిన రిజర్వ్ సంగతేందన్నా?

పొద్దున్నే మా ఇంటోళ్ల గ్రూపులో మా చిన్నాయన కొడుకు కంపెనీ బ్యాలెన్స్ షీట్ పెట్టినాడు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ, ప్రైవేట్ లిమిటెడ్, మా అందరికీ తలా కొన్ని షేర్లు ఉండాయి. "రిజర్వులు 60 లక్షలు ఉండాయి గదా అన్నా, కొంచెం పంచరాదా" అని ఒకడు అడిగితే, ఆ షీట్ పెట్టిన మా అన్నే "దాంట్లో 25 లక్షలు క్యాపిటల్ రిజర్వ్, రోడ్డు పక్క స్థలం అమ్మితే వచ్చిన లాభం, అది పంచేది కాదు, అకౌంట్స్ తెలియకపోతే మాట్లాడొద్దండి" అని పెట్టి కింద ఒక దండం బొమ్మ. ఆ దండం చూసినప్పట్నుంచి నాకు కడుపు మండుతాంది.

అన్న చెప్పింది అబద్ధం కాదులే. స్థలం అమ్మిన లాభం వ్యాపారంలో సంపాదించింది కాదు, మామూలుగా డివిడెండ్ కింద పంచరు. మిగతా 35 లక్షలు జనరల్ రిజర్వ్, అంటే యేటా బండలు అమ్మి వచ్చిన లాభంలో పక్కన పెట్టింది, రెవెన్యూ రిజర్వ్ అంటారే అది. దాన్ని పంచొచ్చు, దాని గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడలా చూడండి! అడిగితే "డబ్బు మిషన్లలో ఉండాది" అంటాడు. అదీ నిజమే, రిజర్వ్ అంటే బీరువాలో పెట్టిన నోట్ల కట్టలు కాదు. కానీ నిజాలన్నీ ఆయనకి పనికొచ్చే చోటే గుర్తుకొస్తాయి అదేందో.

నా మంట ఈ రెండు రిజర్వుల మీద కాదప్పా. ఈ రెండూ కాగితం మీద కనపడతాయి గదా, కనపడని దాని గురించి నేను చెప్పేది. యార్డులో బ్లాకులు మనిషెత్తున పేర్చుండాయి, కొన్న ఖర్చే 38 లక్షలు (అమ్మే రేటు కాదు, స్టాక్‌ని ఖర్చు, అమ్మితే వచ్చేది, రెండిట్లో ఏది తక్కువైతే దానికే చూపాలని నాకూ తెలుసు), షీట్‌లో 14 లక్షలు. పోయిన సంవత్సరం తెచ్చిన కటింగ్ మిషన్ 18 లక్షలు, దాన్ని ఆస్తుల్లో రాయకుండా రిపేర్ల ఖర్చులో రాసేసినారు, తరుగుదల పోయినా అది 15 లక్షల ఆస్తి. బెంగళూరు పార్టీ నెల నెలా కడతాన్నా వాళ్ల బాకీ రాదేమో అని 11 లక్షలు ప్రొవిజన్, అంటే ముందే నష్టం కింద రాసి పక్కన పెట్టింది. మొత్తం 50 లక్షలు. లాభంలోకి రానేలేదు, ఇంక రిజర్వ్‌లో ఎట్ల కనపడతాది? ఇదే సీక్రెట్ రిజర్వ్. ఇట్లా చేస్తే అకౌంట్స్ ట్రూ అండ్ ఫెయిర్, అంటే ఉన్నది ఉన్నట్టు చూపినాయి అని ఎట్లంటారు, కంపెనీల చట్టం అడిగేది అదే గదా. పైగా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి కూడా తక్కువ చూపినట్టే.

"కంపెనీ గట్టిగానే ఉండాది గదా, నష్టమేముంది" అంటారు. నష్టం ఎవరికో మా పెద్దమ్మని అడగండి. కూతురి పెళ్లికి డబ్బు కావాలని తన వెయ్యి షేర్లు మా అన్నకే అమ్మింది. షేర్ క్యాపిటల్ 20 లక్షలు, రిజర్వులు 60, మొత్తం 80 లక్షలు, 20 వేల షేర్లు, అంటే పుస్తకం లెక్కన షేరు 400. నాలుగు లక్షలు చేతిలో పెట్టి పంపించినాడు. దాచిన 50 కలిపితే షేరు 650, ట్యాక్స్ తీసేసినా 400కి చాలా పైనే. ఆ తేడా ఎవరి జేబులోకి పోయింది? పెళ్లిలో వచ్చి ముందు వరసలో కూర్చుని భోజనం చేసిపోయినాడు చూడండి, ఆ పొద్దు నుంచీ నేను మర్చిపోలా.

ఇంకో రకం కూడా ఉండాది. చెడ్డ సంవత్సరం వస్తే దాచింది మెల్లగా బయటికి తీసి లాభం చూపిస్తారు. ఇంగ్లండ్‌లో రాయల్ మెయిల్ ఓడల కంపెనీ ఇదే చేసింది, మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో దాచిన రిజర్వులు 1920ల్లో లాక్కొచ్చి నష్టాలని కప్పేసింది. 1931లో ఛైర్మన్ లార్డ్ కిల్‌శాంట్ మీద కేసు నడిస్తే ఆ లెక్కల విషయంలో నిర్దోషిగా బయటపడినాడు, జైలుకి పోయింది 1928లో డిబెంచర్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మేదానికి జనానికి ఇచ్చిన ప్రాస్పెక్టస్‌లో తప్పుదారి పట్టించినందుకు! లెక్కలు దాచిన దానికి ఏమీ కాలా, చూసినారా.

మా షీట్‌లో పట్టుకోవాలంటే కష్టమేం కాదు. అమ్మకాలు పెరిగినా స్టాక్ అంకె కదలదు, రిపేర్ల ఖర్చు ఒక్క సంవత్సరం కొండలా లేస్తాది, ఆ తర్వాత "అవసరం లేని ప్రొవిజన్ తిరిగి తీసుకున్నాం" అని ఇతర ఆదాయంలో చిన్న అక్షరాల్లో ఒక లైను వస్తాది. పెద్దమ్మ షేర్లు కొన్న మరుసటి సంవత్సరమే ఆ లైను వచ్చింది, యాదృచ్ఛికమే అనుకుందాం.

మామూలు షేర్‌హోల్డర్‌కి లెడ్జర్లు చూసే హక్కు చట్టంలో లేదని ఆయనకి బాగా తెలుసు, అందుకే ఆ దండం. సరే అన్నా, లెడ్జర్ చూపించొద్దు. మీటింగ్‌లో ఆడిటర్ ఉన్నప్పుడే అడుగుతా, ఏ మిషన్ రిపేర్‌కి 18 లక్షలైందో పేరు చెప్పమని.