ఈ-వే బిల్లు లేక బండి ఆగితే: వాట్సాప్ సలహాకు ఖండన

సరుకు బయలుదేరే ముందే జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీయాల్సిన రవాణా పత్రం ఈ-వే బిల్లు. అది లేని బండి గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న సలహా ఇది: "ఈ-వే బిల్లు లేకుండా బండి దొరికితే వాదించి లాభం లేదు. బిల్లు అప్పటికప్పుడు తీసి చూపిస్తే వెయ్యి రూపాయలతో వదిలేస్తారు. లేదంటే అడిగినంత కట్టేయండి, కేసు అక్కడితో ఐపోతుంది. జవాబు రాస్తూ కూర్చుంటే నోటీసు తేలేదాకా బండి కదలదు."

వెయ్యి రూపాయల మాట 2018 సెప్టెంబరు నాటి జీఎస్టీ 64వ సర్క్యులర్ నుంచి వచ్చింది. అది బిల్లు ఉండి, బండి నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పడం వంటి చిన్న పొరపాట్లకే వర్తిస్తుంది. బండి ఆగాక తీసిన బిల్లు మీద తీసిన సమయం ముద్రితమై ఉంటుంది గనుక, అది ముందే ఉన్నదని చెప్పబోతే ఉన్న నమ్మకమూ పోతుంది.

అడిగినంత కట్టే ముందు లెక్క సరిచూసుకోవాలి. వరంగల్ నుంచి మంచిర్యాలకు 2,00,000 రూపాయల ఇనుప పైపులు పోతున్నాయనుకుందాం. 18 శాతం పన్ను 36,000 రూపాయలు. సరుకు యజమాని ముందుకొస్తే జీఎస్టీ చట్టం 129వ సెక్షన్ ప్రకారం పెనాల్టీ పన్నుకు రెండింతలు, అంటే 72,000. యజమాని రాకపోతే సరుకు విలువలో సగమో, పన్నుకు రెండింతలో, ఏది ఎక్కువైతే అది, ఇక్కడ 1,00,000. బండిలో ఇన్వాయిస్ ఉంటే పంపినవారినో అందుకునేవారినో యజమానిగా చూడాలని 2018 డిసెంబరు నాటి 76వ సర్క్యులర్ చెబుతున్నది. అంటే డ్రైవరు చేతిలోని ఆ ఒక్క కాగితం విలువ ఇక్కడ 28,000 రూపాయలు.

జవాబు రాస్తే బండి కదలదన్నది అన్నింటికన్నా నష్టం చేసే మాట. ఆ పెనాల్టీ మొత్తానికి బ్యాంకు గ్యారంటీతో మూవ్-08 అనే ఫారంలో బాండు ఇచ్చి, సరుకునూ బండినీ విడిపించుకుని, వాదన కొనసాగించవచ్చు. బండిని పట్టుకున్న నాటి నుంచి 7 రోజుల్లో అధికారి మూవ్-07 నోటీసు ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో మూవ్-09 పెనాల్టీ ఉత్తర్వు ఇవ్వాలి. మన జవాబు ఆ ఉత్తర్వు కంటే ముందే చేరాలి. అందులో బతిమాలుట కన్నా ఆధారాలు ముఖ్యం: ఇన్వాయిస్ తేదీ బండి బయలుదేరకముందుదేనని, తనిఖీ నివేదికైన మూవ్-04లోని సరుకు, పరిమాణం ఇన్వాయిస్‌తో సరిపోయాయని, బిల్లు ఎందుకు లేదో రుజువుతో సహా చూపి, వ్యక్తిగత విచారణ కోరాలి. డ్రైవరు మాత్రం మూవ్-01 వాంగ్మూలంలో తనకు తెలియని సంగతి ఊహించి చెప్పకూడదు. నేను చూసిన కేసుల్లో చాలావరకు చెడింది అక్కడే.

ఈ జవాబుతో పెనాల్టీ తప్పకుండా పోతుందని నేను అనను, ఎందుకంటే బిల్లు అసలే లేకపోవడం చట్టం దృష్టిలో చిన్న తప్పు కాదు. ఐతే డబ్బు కట్టినంత మాత్రాన హక్కు పోదు. అభ్యంతరాలు దాఖలైతే, పెనాల్టీ కట్టినా కారణాలతో కూడిన మూవ్-09 ఉత్తర్వు ఇవ్వాల్సిందేనని 2025 జులైలో సుప్రీంకోర్టు ఏఎస్‌పీ ట్రేడర్స్ కేసులో చెప్పింది. అందుకే కట్టేటప్పుడు కూడా అభ్యంతరం రాతలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ ఉత్తర్వు మీద 3 నెలల్లో అప్పీలు వేయవచ్చు. బాండు మీద విడిపించుకున్నవారు అందుకు పెనాల్టీలో 10 శాతం, అంటే మన లెక్కలో 7,200 రూపాయలు, ముందుగా జమ చేయాలి.