భూతమా, భృతమా? భక్తి వీడియోల్లో అందని అక్షరాలు

ఏకాదశి రోజు పొద్దున్నే మా పెద్దమ్మ ఫోన్లో విష్ణు సహస్రనామం పెట్టుకుని కూర్చుంటుంది. ఆమెకు 76 ఏళ్లు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా చేయించాలి. సహస్రనామం దాదాపు కంఠస్థమే, ఎక్కడో ఒకచోట తడబడినప్పుడు ఆసరాకి మాత్రం తెరమీద అక్షరాలు కావాలి. మొన్న నన్ను పిలిచి అడిగింది. "ఒరేయ్ నాన్నా, ఇక్కడ భూత అనాలా, భృత అనాలా? కళ్లజోడు పెట్టుకున్నా తెలియట్లేదురా."

ఫోన్ తీసుకుని చూశాను. నాకూ తెలియలేదు. వెనక గులాబీ రేకులు రాలుతున్నాయి, దీపాలు మినుకుమినుకుమంటున్నాయి, వాటి మీద ఎర్రటి పట్టీలో పసుపు అక్షరాలు. ఆ పాదం ఇది: భూతకృద్భూతభృద్భావో. నోటితో అంటే ఎనిమిది అక్షరాలే. రాతలో మాత్రం అసలు పని అంతా గీత కింద జరుగుతుంది. కృ కింద సుడి, ద్భూ కింద భ వత్తు, మళ్లీ భృ, మళ్లీ ద్భా. తేడా చెప్పేది ఆ కింది గీతలే. అవి పోతే భూ, భు, భృ మూడూ ఒకేలా కనిపిస్తాయి.

వీడియో చేసినవాళ్లు అక్షరాలు చిన్నగా పెట్టారనుకోవడానికి లేదు. ఎడిటింగ్ చేసిన కంప్యూటర్ మీద అవి పెద్దగానే ఉండి ఉంటాయి. లెక్క వేసి చూద్దాం. ఫ్రేమ్ ఎత్తు 1080 పిక్సెల్స్. తలకట్టు నుంచి వత్తు అడుగు దాకా అక్షరానికి 60 పిక్సెల్స్ ఇచ్చారనుకుందాం. 43 అంగుళాల టీవీలో బొమ్మ ఎత్తు దాదాపు 53 సెంటీమీటర్లు కాబట్టి అక్షరం 3 సెంటీమీటర్లు వస్తుంది. సోఫాలో కూర్చుని హాయిగా చదువుకోవచ్చు. అదే వీడియోను ఫోన్ నిలువుగా పట్టుకుని చూస్తే బొమ్మ ఎత్తు 4 సెంటీమీటర్లు కూడా రాదు. అప్పుడు అక్షరం 2 మిల్లీమీటర్ల చిల్లర. అందులో వత్తు వాటా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఫోన్ అడ్డంగా తిప్పితే దాదాపు రెట్టింపు అవుతుంది, నిజమే. కానీ ఒక చేత్తో జపమాల పట్టుకున్న మనిషి ఫోన్‌ని అడ్డంగా తిప్పి పట్టుకుంటుందనుకోవడం అత్యాశ.

ఇక రంగు. పసుపు, ఎరుపు మనకు పసుపు కుంకాలు, అందుకే ప్రతి భక్తి చానెల్‌కీ ఆ జోడీ అంటే మోజు. అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడాను నిష్పత్తిగా కొలిచే పద్ధతి ఒకటి వెబ్ ప్రమాణాల్లో ఉంది. మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలంటారు. నిండు ఎరుపు మీద నిండు పసుపు పెడితే 3.7 వస్తుంది. పెద్ద అక్షరాల లెక్కలో పాసే. కానీ తెలుగులో అక్షరం పెద్దదైనా దాని వత్తు చిన్నక్షరమే కదా! అందుకే తెలుగు స్తోత్రాలకు 3 సరిపోతుందని నేను ఒప్పుకోను. ఆ ఎరుపును ముదురు మెరూన్ చేస్తే చాలు, అదే పసుపు 10 దాటుతుంది. పసుపూ కుంకుమా ఎక్కడికీ పోవు. బంగారు పూతలా మెరిసే అక్షరాలకైతే ఈ లెక్క కూడా పనికిరాదు, ఎందుకంటే ఒకే అక్షరంలో పైభాగం ఒక రంగు, కిందిభాగం ఒక రంగు. ఆ పూతలో ముదురు భాగం చాలాసార్లు వత్తుల దగ్గరే పడుతుంది.

ఫాంట్ విషయంలో కూడా ఇదే చూసుకోవాలి. రామభద్ర లాంటి లావు ఫాంట్ శీర్షికకు బాగుంటుంది, సహస్రనామానికి పెడితే భ పొట్టలో ఉన్న ఖాళీ పూడిపోతుంది. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి సాదాగా ఉన్నా అక్షరం విడివిడిగా కనిపిస్తుంది. ఏ ఫాంట్ అయినా సరే, పైన చెప్పిన పాదాన్ని రెండు వరుసలుగా టైప్ చేసి ఫోన్ నిలువుగా పెట్టి చూడండి. పై వరుస వత్తులు కింది వరుస తలకట్లని తాకుతున్నాయంటే ఆ వీడియో పెద్దవాళ్లకు పనికిరాదు.

ఇంతా చేసి, ఎంత బాగా చేసినా, వీడియోలో అచ్చుగుద్దిన అక్షరం ఒకే సైజులో ఉంటుంది. నా అసలు ఫిర్యాదు ఇక్కడే. తెరమీద లిరిక్స్ ఉన్నాయి కాబట్టి క్యాప్షన్లు ఇచ్చేశామని చాలా చానెళ్లు అనుకుంటున్నాయి. లిరిక్స్ బొమ్మలో భాగం. క్యాప్షన్ అంటే వీడియోతో పాటు వెళ్లే వేరే టెక్స్ట్ ఫైలు. చూసేవాళ్లు దాన్ని పెద్దది చేసుకోవచ్చు, వెనక నల్ల పట్టీ పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయవచ్చు. యూట్యూబ్‌లో సీసీ అక్షరాల్ని కంప్యూటర్ మీద నాలుగింతల దాకా పెంచుకోవచ్చు. ఫైలు కూడా బ్రహ్మవిద్యేం కాదు, ఇంతే:

```
12
00:01:42,000 --> 00:01:47,500
విశ్వం విష్ణుర్వషట్కారో
భూతభవ్యభవత్ప్రభుః
```

మరి ఎందుకు చేయరు? బద్ధకం కంటే పెద్ద కారణం ఒకటుంది. మన ఎడిటర్లలో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైప్ చేస్తారు. వాళ్లనూ తప్పుపట్టలేం. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ తెలుగు పెడితే, సరైన సెట్టింగ్ మార్చకపోతే, త్ప్ర అనే ఒక్క అక్షరం మూడు ముక్కలై పక్కపక్కన నిలబడుతుంది. అను ఫాంట్లలో ఆ గొడవ లేదు. కానీ అందులో టైప్ చేసింది కంప్యూటర్‌కి తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. దాన్ని కాపీ చేసి క్యాప్షన్ ఫైల్లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. వెతికితే దొరకదు, అంధులు వాడే స్క్రీన్ రీడర్ చదవలేదు. కన్వర్టర్లు ఉన్నాయి, వాడాక వత్తులన్నీ ఒకసారి సరిచూసుకోవాలి. ఫైలు సేవ్ చేసేటప్పుడు UTF-8 ఎంచుకోకపోతే ప్రశ్నార్థకాలే మిగులుతాయి.

ఇంకో చిక్కు, ఇంగ్లిష్ కొలతలతో వచ్చేది. వరుసకు 42 అక్షరాలు మించొద్దని సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్లు హెచ్చరిస్తుంటాయి. భూతభవ్యభవత్ప్రభుః అనే మాటను మనం ఎనిమిది అక్షరాలంటాం, సాఫ్ట్‌వేర్ 17 అంటుంది. గుణింతాన్నీ పొల్లునీ విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి. ఆ హెచ్చరికను నమ్మి శ్లోకాన్ని ఎక్కడపడితే అక్కడ విరిస్తే పారాయణం చేసేవాళ్ల ఊపిరి తప్పుతుంది. అనుష్టుప్పుకు ఎనిమిదేసి అక్షరాల పాదం ఉండనే ఉంది, వరుసకు ఒక పాదం. ఇంతకంటే మంచి కొలత ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు. నూట ఎనిమిది శ్లోకాలకు టైమింగ్ పెట్టడానికి నాకు రెండు పూటలు పట్టింది. పాఠం మారదు కాబట్టి వేరేవాళ్లు పాడిన వీడియోకి టైమింగ్ మార్చుకుంటే సరిపోతుంది.

స్తోత్రం దాకా ఇది తేలికే. వినపడనివాళ్లకు అసలు కష్టం ప్రత్యక్ష ప్రసారాల్లో. భద్రాచలం సీతారాముల కల్యాణాన్ని తీసుకోండి. వయసుతో పాటు చెవుడు వచ్చినవాళ్లకు చప్పుడు వినిపిస్తుంది, మాట విడిపోదు. ముందు పోయేవి స, శ, ఫ లాంటి సన్నని ధ్వనులు. మంత్రం, మేళం, వ్యాఖ్యానం ఒకేసారి నడిచే చోట వాళ్లకు మిగిలేది రొద. లైవ్‌లో తెలుగు క్యాప్షన్లు ఎవరు టైప్ చేస్తారని అడుగుతారు. కానీ కల్యాణం క్రికెట్ మ్యాచ్ కాదు, క్రమం ముందే తెలుసు. విష్వక్సేన పూజ, పుణ్యాహవాచనం, యోక్త్రబంధనం, కన్యాదానం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు. ఒక్కో ఘట్టానికి నాలుగైదు వాక్యాలు ముందే టైప్ చేసి పెట్టుకుని, క్రమం తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టి సమయానికి ఒక్కోటీ వదిలితే చాలు. అనుకోకుండా వచ్చే మాటలు తప్పిపోతాయి, పోనివ్వండి. మధ్యలో [గట్టిమేళం] అని ఒక్క మాట వేస్తే అర్చకుల చేతుల్లో ఒక్కసారిగా వచ్చిన ఆ హడావుడి ఎందుకో అర్థమవుతుంది. ఆ వాక్యాల మీదుగా పూజల బుకింగ్ నంబర్ల స్క్రోలింగ్ పోకుండా చూడడం ఇంకో పని. పుట్టుకతో వినపడనివాళ్లలో చాలామందికి సొంత భాష సైగల భాషే, తెలుగు క్యాప్షన్ వాళ్లకు రెండో భాషలో చదువు. వాళ్లకు తెర మూలన సైగల వ్యాఖ్యాత కావాలి, క్యాప్షన్ దానికి బదులు కాదు.

చూపు లేనివాళ్ల సంగతికొస్తే, మనం ఒకప్పుడు చేసి చూపించిన పనినే మర్చిపోయాం. భద్రాద్రి కల్యాణానికి ఆకాశవాణిలో ఉషశ్రీ చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం కోసం జనం రేడియోల ముందు కూర్చునేవారు. రేడియో వినేవాళ్లెవరికీ మండపం కనపడదు కాబట్టి వ్యాఖ్యాత చూసి చెప్పక తప్పదు. ఈరోజు ఆడియో డిస్క్రిప్షన్ అంటున్నది అదే. టీవీ వచ్చాక బొమ్మ కనిపిస్తోంది కదా అని వ్యాఖ్యానం పురాణం వైపు మళ్లింది. మూడు మంగళసూత్రాల్లో ఒకటి రామదాసు పేరు మీద ఉందని చెబుతారు. ఇప్పుడు ఆ సూత్రం ఎవరి చేతిలో ఉందో, ఎటువైపు తిప్పి చూపిస్తున్నారో చెప్పరు. యోక్త్రం మహిమ చెబుతారు, దర్భలతో పేనిన ఆ తాడును సీతమ్మ నడుముకు చుడుతున్నారని చెప్పరు.

చెప్పడానికి చోటు వెతుక్కోవడమే ఇందులో నేర్పు. మంత్రం మీద మాట పడకూడదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో గట్టిమేళం తప్ప ఏదీ వినపడదు, అప్పుడు ఎంత అరిచినా వృథా. అందుకే మేళానికి ముందున్న ఆ కాస్త నిశ్శబ్దంలో చెప్పేయాలి. "అర్చకస్వామి జీలకర్ర బెల్లం చేతిలోకి తీసుకున్నారు, ముందు రాముడి శిరస్సు వైపు చేయి చాస్తున్నారు." ఈ రెండు ముక్కలకు అయిదారు సెకన్లు. తర్వాత మేళం మోగినప్పుడు వినేవాళ్లకు బొమ్మ ముందే సిద్ధంగా ఉంటుంది. మామూలు ప్రేక్షకులకు ఇది అడ్డం అనిపిస్తే రెండో ఆడియోగా ఇవ్వొచ్చు. నాకైతే అడ్డం అనిపించదు. వంటింట్లో పులిహోర కలుపుతూ హాల్లో టీవీ వినేవాళ్లు ఆ రోజు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ క్యాప్షన్లు, సైగల భాష, ఆడియో డిస్క్రిప్షన్ మూడింటినీ పేరు పెట్టి చెప్పింది. ఇంట్లో కూర్చుని వీడియోలు చేసే చిన్న చానెళ్ల మీద రేపు ఎవరో కేసు వేస్తారని నేను భయపెట్టను. దేవస్థానాలు, వాటి అధికారిక చానెళ్లు మాత్రం ముందు వరుసలో నిలబడాలి. వాళ్ల దగ్గర పండితులున్నారు, సరిచూసిన పాఠం ఉంది, కెమెరాలున్నాయి. ఒక్కో స్తోత్రానికి వత్తులు సరిచూసిన యూనికోడ్ పాఠం అందరూ తీసుకునేలా పెట్టినా చిన్న చానెళ్ల పని సగం తీరుతుంది.

మా పెద్దమ్మకు నేను తయారుచేసిన ఫైలు తగిలించి, ఫోన్లో క్యాప్షన్ అక్షరాలు బాగా పెద్దవి చేసి ఇచ్చాను. ఆ పాదం దగ్గరికి రాగానే ఆపమంది. వేలితో ఒక్కో అక్షరం కిందా తడుముతూ చదివింది. "మొదట భూత, తర్వాత భృద్. ఇన్నాళ్లూ రెండుచోట్లా భూతే అంటున్నానురా" అని మళ్లీ మొదటి శ్లోకం నుంచి పెట్టమంది.